పీహెచ్‌క్యూ-9: ఓపీలో ఎలా అడగాలి, ఎలా లెక్కేయాలి, ఏ స్కోరుకి ఏం చేయాలి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పీహెచ్‌సీలకి, అర్బన్ హెల్త్ సెంటర్లకి డిప్రెషన్‌తో వచ్చేవాళ్ళలో "నాకు దిగులుగా ఉంది డాక్టరు గారూ" అని మొదలుపెట్టేవాళ్ళు చాలా తక్కువ. నీరసం అంటారు, తల దిమ్ముగా ఉందంటారు, ఒళ్ళంతా మంటలంటారు, గుండె దడగా ఉందంటారు. "నిద్ర పట్టట్లేదు, ఒక మాత్ర రాయండి" అని అడుగుతారు. బీపీ చూస్తాం, షుగర్ చూస్తాం, బి-కాంప్లెక్స్ రాసి పంపిస్తాం. నెలకి మళ్ళీ అదే మనిషి అదే మాటతో వస్తారు. అలాంటివాళ్ళని గుర్తించడానికి మన చేతిలో ఉన్న సులువైన పనిముట్టు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ఫారం. దాన్ని రాబర్ట్ స్పిట్జర్, జానెట్ విలియమ్స్, కర్ట్ క్రోంకే బృందం తయారుచేసింది. ఎంత నమ్మొచ్చో చూపిన అధ్యయనం 2001లో వచ్చింది. ఎవరి అనుమతీ అడగకుండా, పైసా కట్టకుండా జిరాక్స్ తీసుకుని వాడుకోవచ్చు.

ఇది మెడికల్ ఆఫీసర్ల కోసం, ఓపీలో ఫారం నింపే స్టాఫ్ నర్సుల కోసం, విలేజ్ క్లినిక్‌లో కూర్చునే ఎమ్‌ఎల్‌హెచ్‌పీల కోసం రాస్తున్నాను. ఫారం నింపడం ఎవరికైనా వస్తుంది. సరిగ్గా అడగడం, వచ్చిన అంకె వెనక ఏముందో చదవడం, తొమ్మిదో ప్రశ్నని మిగతా వాటితో కలిపేయకుండా విడిగా చూడడం, ఈ మూడు చోట్లే పొరపాట్లు జరుగుతాయి.

ముందు రెండు ప్రశ్నలు

ఓపీకి వచ్చిన అందరికీ తొమ్మిదీ అడగక్కర్లేదు. మొదటి రెండు ప్రశ్నలే విడిగా పీహెచ్‌క్యూ-2 అని వాడతారు: పనుల మీద ఆసక్తి పోవడం, మనసు దిగులుగా ఉండడం. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, రెండూ కలిపి 6. మొత్తం 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తొమ్మిదీ అడగండి. షుగర్, బీపీ మందుల కోసం నెలనెలా వచ్చేవాళ్ళు, బాలింతలు, గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చి కోలుకుంటున్నవాళ్ళు, కారణం దొరకని నొప్పులతో తిరిగేవాళ్ళు, వీళ్ళతో మొదలుపెడితే చాలు. రెండు ప్రశ్నలకీ సున్నా వచ్చినా మనిషిని చూస్తే మీకు అనుమానంగా ఉంటే తొమ్మిదీ అడిగేయండి. ఐదు నిమిషాల పనే.

తొమ్మిది ప్రశ్నలు, మన మాటల్లో

ముద్రించిన తెలుగు ఫారం ఉంటే దానిలో ఉన్న మాటలే చదవండి. అర్థం కాలేదనిపిస్తే అప్పుడు కింది వాడుక మాటలు తోడు తెచ్చుకోండి. అన్నిటికీ ముందు ఒకటే వాక్యం: "పోయిన రెండు వారాల సంగతి అడుగుతున్నానమ్మా, అంతకుముందుది వద్దు."

1. ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, ఇంతకుముందు ఇష్టంగా చేసేవి కూడా చేయబుద్ధి కాకపోవడం
2. దిగులుగా, మనసు బాలేక, ఇక ఏమీ బాగుపడదు అనిపించడం
3. నిద్ర పట్టకపోవడం, మధ్యలో మెలకువ వచ్చేయడం, లేదా మరీ ఎక్కువ నిద్ర
4. నీరసం, ఒంట్లో ఓపిక లేకపోవడం
5. ఆకలి లేకపోవడం, లేదా అతిగా తినడం
6. నా వల్లే అంతా పాడైంది, నేను దేనికీ పనికిరాను, ఇంట్లోవాళ్ళకి భారమయ్యాను అనిపించడం
7. టీవీ చూస్తున్నా, లెక్క చూసుకుంటున్నా, ఎవరైనా మాట్లాడుతున్నా మనసు నిలవకపోవడం
8. మాట, నడక ఎదుటివాళ్ళు గమనించేంత నెమ్మదించడం, లేదా ఒక చోట కుదురుగా ఉండలేకపోవడం
9. చచ్చిపోతే బాగుండు అనిపించడం, లేదా తనకు తాను ఏదైనా హాని చేసుకోవాలనిపించడం

జవాబులు నాలుగే. అసలు లేదు అంటే 0. కొన్ని రోజులు అంటే 1. సగానికి మించిన రోజులు అంటే 2. దాదాపు ప్రతిరోజూ అంటే 3. తొమ్మిదీ కూడితే మొత్తం 27కి.

అసలు ఇబ్బంది ఇక్కడే వస్తుంది. "సగానికి మించిన రోజులు" అని చదివితే చాలామంది బుర్ర ఊపేస్తారు. ఎంత బాధగా ఉందో చెప్తారు గానీ ఎన్ని రోజులు ఉందో చెప్పరు. "బాగా ఉందండీ" అంటే మనం 3 వేసేస్తాం. నిజానికి అది వారంలో రెండు రోజులే కావచ్చు. కాబట్టి రోజుల లెక్కలో అడగండి. "పోయిన పద్నాలుగు రోజుల్లో ఇలా ఎన్ని రోజులు ఉంది? ఒకటో రెండో రోజులా, వారం దాకానా, వారం దాటిందా, ఇంచుమించు రోజూనా?" వారం దాకా అయితే 1. ఎనిమిది రోజుల నుంచి 2. పన్నెండు, పదమూడు, పద్నాలుగు రోజులైతే 3. పద్నాలుగు రోజులని గుర్తుచేయడానికి ఏదైనా ఆనవాలు పెట్టండి. "మొన్న ఆదివారం కాక అంతకుముందు ఆదివారం నుంచి" అంటే అందరికీ తెలుస్తుంది.

ఇంకో చిక్కు మర్యాద. గవర్నమెంటు ఆసుపత్రిలో డాక్టరు ముందు "బానే ఉన్నానండీ" అనడం మనవాళ్ళకి అలవాటు. పక్కన కొడుకో, అత్తగారో నిలబడి ఉంటే రెండో ప్రశ్నకీ ఆరో ప్రశ్నకీ తొమ్మిదో ప్రశ్నకీ నిజమైన జవాబు రాదు. "ఒక్క ఐదు నిమిషాలు బయట కూర్చోండి, అందరినీ ఇలాగే విడిగా అడుగుతాం" అని తోడొచ్చినవాళ్ళకి చెప్పండి. "అందరినీ" అన్న మాట ముఖ్యం. అది వినకపోతే ఈమెకేదో పిచ్చి అనుకుంటున్నారని ఇంటికెళ్ళాక గొడవవుతుంది.

తొమ్మిది అయ్యాక చివర ఒక ప్రశ్న ఉంటుంది, దానికి మార్కులు ఉండవు. వీటి వల్ల ఇంటిపని, బయటిపని, మనుషులతో కలవడం ఎంత కష్టమైంది: ఏం కష్టం లేదు, కొంచెం, చాలా, అసలు చేయలేకపోతున్నాను. మార్కులు లేవు కదా అని దీన్ని వదిలేస్తుంటారు. స్కోరు 11 వచ్చి పొలం పనికి మామూలుగా వెళ్తున్న మనిషికీ, అదే 11తో పది రోజులుగా వంట కూడా చేయని మనిషికీ మీరు చేసేది ఒకటి కాదు.

అంకె చూసే ముందు ఏ ప్రశ్నలకి వచ్చిందో చూడండి

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు వైపు మిర్చి కోతల మధ్యలో ఒక రైతుని అడిగారనుకోండి. కల్లంలో కాయ ఆరబోసి రాత్రిళ్ళు అక్కడే కాపలా పడుకుంటున్నాడు. నిద్ర ప్రశ్నకి 3, నీరసానికి 3, వేళకి తిండి లేదు కాబట్టి ఆకలికి 2, ధర ఎంత పలుకుతుందోనన్న టెన్షన్‌లో మనసు నిలవక ఏడో ప్రశ్నకి 2. మొత్తం 10 వచ్చేసింది. మొదటి రెండు ప్రశ్నలకీ సున్నా. ఇది డిప్రెషన్ కాదు, కోతల కాలం. కాయ యార్డుకి చేరాక మళ్ళీ అడిగితే చాలావరకు దిగిపోతుంది. రక్తహీనత, థైరాయిడ్ తగ్గడం, అదుపులో లేని షుగర్ కూడా సరిగ్గా ఈ ప్రశ్నలనే పెంచుతాయి.

డిప్రెషన్ అనడానికి డాక్టరు చూడాల్సిన లెక్క వేరే ఉంది. తొమ్మిదిలో కనీసం ఐదు ప్రశ్నలకి 2 గానీ 3 గానీ రావాలి. ఆ ఐదులో మొదటిదో రెండోదో తప్పకుండా ఉండాలి. తొమ్మిదో ప్రశ్న మాత్రం 1 వచ్చినా లెక్కలోకి వస్తుంది.

10 మార్కుల గీత గురించి కూడా కొంచెం చెప్పాలి. 2001 అధ్యయనంలో 10 దగ్గర గీత పెడితే నిజంగా జబ్బున్నవాళ్ళలో నూటికి 88 మంది దొరికారు, లేనివాళ్ళలో నూటికి 88 మంది సరిగ్గా కిందే ఉండిపోయారు. వినడానికి బాగుంది. మీ ఓపీలో వందమందిని అడిగారు, వాళ్ళలో పదిమందికి నిజంగా డిప్రెషన్ ఉంది అనుకుందాం. ఆ పదిలో తొమ్మిది మంది దొరుకుతారు. మిగతా తొంభైమందిలో పదకొండు మందికి కూడా 10 దాటుతుంది. అంటే గీత దాటిన ఇరవైమందిలో జబ్బున్నది తొమ్మిది మందికే. అందుకే 10 వచ్చిన ప్రతి మనిషికీ మాత్ర రాయకూడదు. అది డాక్టరు కూర్చుని మాట్లాడాలి అని చెప్పే గీత, అంతే.

ఏ స్కోరుకి ఏం చేయాలి

0 నుంచి 4. ఏమీ చేయక్కర్లేదు. కార్డు మీద అంకె, తేదీ వేసి పంపించండి.

5 నుంచి 9, స్వల్పం. మాత్రలు వద్దు. రెండు వారాల నుంచి నెల లోపు మళ్ళీ రమ్మని తేదీ ఇచ్చి, ఆ రోజు ఫారం మళ్ళీ నింపండి. ఈలోగా పగటి నిద్ర తగ్గించుకోవడం, రోజూ ఒకే వేళకి లేవడం, మానేసిన పనుల్లో ఒకటైనా మళ్ళీ మొదలుపెట్టడం గురించి మాట్లాడండి. "ఇదివరకు ఎప్పుడైనా ఇలా మనసు బాగా పాడై మందులు వాడారా?" అని అడగడం మర్చిపోవద్దు. వాడారంటే నెల ఆగకుండా వారంలోనే మళ్ళీ చూడండి. ఇక్కడ మనం ఎక్కువగా చేసే తప్పు ఆల్‌ప్రజోలం రాయడం. నిద్ర పట్టిందని రోగి సంతోషిస్తారు, డిప్రెషన్ అలాగే ఉంటుంది, ఆరు నెలలకి ఆ మాత్ర లేకపోతే నిద్ర రాని పరిస్థితి వస్తుంది.

10 నుంచి 14, మధ్యస్థం. ఇక్కడ డాక్టరు విడిగా కూర్చుని మాట్లాడాలి. పైన చెప్పిన ఐదు ప్రశ్నల లెక్క చూడండి. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, షుగర్ చేయించండి. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే బి12 తగ్గి ఉండొచ్చు. మద్యం సంగతి మొగవాళ్ళని నేరుగా అడగండి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారా చూడండి. ఇంట్లో ఎవరైనా ఈ మధ్య పోయారా అడగండి. మనిషి పోయిన కొత్తలో వచ్చే దుఃఖానికి మాత్ర రాయడం సరికాదు, కానీ తొమ్మిదో ప్రశ్న మాత్రం అడిగి తీరాలి.

జబ్బే అని తేలితే ఈ స్థాయిలో కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టొచ్చు, మాత్రతో మొదలుపెట్టొచ్చు. పని చేసుకోలేకపోతున్నారు, లేదా ఇదివరకు మాత్రతోనే తగ్గింది అంటే నేను మాత్రవైపే మొగ్గుతాను. పని సాగుతోంది, ఇంట్లో అర్థం చేసుకునే మనిషి ఉన్నారు అంటే రెండు వారాలకొకసారి మాట్లాడుతూ చూడొచ్చు. టెలి మానస్ నంబరు 14416 రాసివ్వండి. ఇది 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

15 నుంచి 19, మధ్యస్థం కంటే తీవ్రం. ఆగి చూడడం లేదు. మాత్ర గానీ, మానసిక చికిత్స గానీ, రెండూ గానీ మొదలుపెట్టాలి. మన దగ్గర వారం వారం కూర్చుని చికిత్స చేసే సైకాలజిస్టు పీహెచ్‌సీ స్థాయిలో దొరకడం కష్టం కాబట్టి చాలాసార్లు మాత్రతోనే మొదలవుతుంది. వారంలోపు మళ్ళీ చూడాలి.

20 నుంచి 27, తీవ్రం. అదే రోజు చికిత్స మొదలుపెట్టి, సైకియాట్రిస్టు దగ్గరికి త్వరగా పంపే ఏర్పాటు చేయండి. గుంటూరు జీజీహెచ్‌లో, విజయవాడ జీజీహెచ్‌లో సైకియాట్రీ విభాగాలున్నాయి. తిండీ నీళ్ళూ మానేసినవాళ్ళని, లేనివి వినిపిస్తున్నాయి, కనిపిస్తున్నాయి అనేవాళ్ళని, ఈ మధ్యే ప్రసవించి ఇంత స్కోరు వచ్చినవాళ్ళని "వచ్చే వారం వెళ్ళండి" అని పంపకూడదు. ఆ రోజే వెళ్ళాలి, పక్కన మనిషి ఉండాలి.

ఇవన్నీ 18 దాటినవాళ్ళకి. విజయవాడ చుట్టూ రెసిడెన్షియల్ కాలేజీల నుంచి వచ్చే ఇంటర్ పిల్లలకి పీహెచ్‌క్యూ-ఏ అని విడిగా ఫారం ఉంది. ఆ వయసువాళ్ళకి ఓపీలో డిప్రెషన్ మాత్ర మొదలుపెట్టవద్దు, స్పెషలిస్టుకే పంపండి.

మాత్ర రాసే ముందు ఒక ప్రశ్న

ఏ స్కోరైనా సరే, ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్ర రాసే ముందు ఇది అడగండి: "ఎప్పుడైనా వరసగా కొన్ని రోజులు నిద్ర లేకపోయినా అలుపు రాకుండా, మాటలు ఆగకుండా, డబ్బు విపరీతంగా ఖర్చుపెడుతూ, ఇంట్లోవాళ్ళు 'ఇదేంటి ఇలా అయిపోయావు' అనేలా ఉన్నారా?" అవునంటే అది బైపోలార్ కావచ్చు. ఆ మనిషికి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఉన్మాదం వైపు తిరగొచ్చు. ఫారంలో ఈ ప్రశ్న లేదు కాబట్టి మీరే గుర్తుపెట్టుకోవాలి. అనుమానం ఉంటే మాత్ర ఆపి స్పెషలిస్టుకి రాయండి.

తొమ్మిదో ప్రశ్న

మొత్తం స్కోరు 4 వచ్చినా 24 వచ్చినా, తొమ్మిదో ప్రశ్నకి 1 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ మనిషి మాట్లాడకుండా గది దాటి వెళ్ళకూడదు. నర్సు ఫారం నింపితే అప్పుడే డాక్టరు గదిలోకి తనే తీసుకెళ్ళాలి, ఫైల్లో పెట్టి వరసలో కూర్చోబెట్టకూడదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగినందుకు ఎక్కువమంది తేలికపడతారు.

నాలుగు సంగతులు తెలుసుకోండి. పోతే బాగుండు అన్న ఊహేనా, తనే చేసుకోవాలన్న ఆలోచనా? ఎలా, ఎప్పుడు అని ఏమైనా అనుకున్నారా? ఇదివరకు ప్రయత్నించారా? అనుకున్నది చేతికి అందే దూరంలో ఉందా? మన జిల్లాల్లో ఈ చివరి ప్రశ్నకి అర్థం, ఇంట్లో పురుగుమందు ఉందా అని. మిర్చి, పత్తి వేసే ఇళ్ళలో సగం వాడిన డబ్బా గుమ్మం పక్కనో, పశువుల కొట్టంలోనో ఉంటుంది. ఆ ఆలోచన చాలాసార్లు కొద్ది గంటల్లో వచ్చి పోతుంది. ఆ గంటల్లో డబ్బా అందకపోతే మనిషి మిగులుతారు. కాబట్టి ఇంట్లోవాళ్ళతో మాట్లాడి మందు డబ్బాలు ఇల్లు దాటించి, తాళం వేసి, తాళంచెవి వేరే మనిషి దగ్గర ఉంచమనండి. షుగరు, బీపీ మాత్రలు కూడా నెలవి ఒకేసారి కాకుండా వారానికోసారి ఇవ్వండి.

ఇంట్లోవాళ్ళకి చెప్పే ముందు రోగిని అడగండి: "మీ ఆయనకి చెప్తాను, మీరు చెప్పమన్నంతవరకే చెప్తాను." ప్రాణానికి ప్రమాదం ఉందని తేలితే ఒప్పుకోకపోయినా చెప్పాల్సిందే, అదీ ముందే వాళ్ళకి చెప్పండి.

ఎలాగన్నది నిర్ణయించుకున్నారు, లేదా ఈ మధ్యే ప్రయత్నించారు అంటే స్కోరు చూడక్కర్లేదు. ఒంటరిగా వదలకండి. 108 పిలిచి, తోడు మనిషిని ఎక్కించి, జీజీహెచ్‌కి ముందే ఫోను చేసి పంపండి. పోలీసు కేసవుతుందని ఇంట్లోవాళ్ళు వెనకాడితే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావిస్తారు, శిక్షించరు అని ధైర్యం చెప్పండి.

ఒక ఉదాహరణ, మొదటి నుంచీ

ప్రత్తిపాడు వైపు ఒక ఊరు అనుకుందాం. నలభై ఆరేళ్ళ ఆవిడ, కౌలు సేద్యం, ఐదేళ్ళుగా షుగర్. మెట్‌ఫార్మిన్ కోసం నెలనెలా వస్తుంది. మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుంటుంది. ఈసారి "నిద్ర లేదు, నీరసం" అంది. వరసలోనే, భర్త పక్కన ఉండగా ఫారం నింపారు. ఆసక్తి 0, దిగులు 1, నిద్ర 3, నీరసం 3, ఆకలి 1, మిగతా నాలుగూ సున్నా. మొత్తం 8. ఇక్కడితో ఆగితే "స్వల్పం, నెలకి రండి" అని పంపేవాళ్ళం.

లోపల, తలుపు వేసి, రోజుల లెక్కలో మళ్ళీ అడిగారు. సాయంత్రం వేళ పక్కింటి అరుగు మీద కూర్చోవడం మానేసి పది రోజులైంది: 2. చీకటిపడుతుంటే రోజూ ఏడుపొస్తోంది: 3. రోజూ తెల్లవారుజామున మూడింటికి మెలకువ: 3. నీరసం రోజూ: 3. నాలుగు రోజులు అన్నం సహించలేదు: 1. కూతురి పెళ్ళి అప్పు తన తొందర వల్లే అని, వారం దాటి అదే ఆలోచన: 2. నాలుగైదు రోజులు పొయ్యి మీద పాలు మర్చిపోయింది: 1. ఎనిమిదో దానికి 0. తొమ్మిదో ప్రశ్నకి కాసేపు ఆగి, "రెండు మూడు రోజులు అనిపించిందండీ, తెల్లారి లేవకపోతే బాగుండని" అంది: 1. మొత్తం 16. ఇంటిపని "చాలా కష్టంగా" ఉంది.

రెండు, అంతకంటే ఎక్కువ వచ్చినవి ఐదు ప్రశ్నలు, వాటిలో మొదటి రెండూ ఉన్నాయి. తొమ్మిదోదాంతో కలిపితే ఆరు. డిప్రెషన్ అనడానికి సరిపోతుంది. ఎలా చేసుకోవాలన్న ఆలోచన లేదు, ఇదివరకు ప్రయత్నం లేదు, కానీ ఇంట్లో పత్తి మందు డబ్బాలు రెండున్నాయి. ఆమె ఒప్పుకున్నాక భర్తని లోపలికి పిలిచి, ఆ సాయంత్రమే అవి ఇంట్లోంచి తీసేసి తాళం వేసేలా మాట్లాడారు. ఉన్మాదం ప్రశ్నకి లేదంది. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, బి12 పంపారు.

సెర్ట్రలిన్ మొదటి వారం 25 మిల్లీగ్రాములు, తర్వాత 50, ఉదయం టిఫిన్ తిన్నాక. మోకాళ్ళ నొప్పికి కొంటున్నవి డైక్లోఫెనాక్, ట్రమడాల్ అని కవరు చూస్తే తెలిసింది. సెర్ట్రలిన్‌తో డైక్లోఫెనాక్ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. ట్రమడాల్ కలిస్తే సెరటోనిన్ మోతాదు మించి వణుకు, చెమటలు, గాభరా రావొచ్చు, మూర్ఛ కూడా రావొచ్చు. రెండూ ఆపించి పారాసిటమాల్ ఇచ్చారు. మన ఊళ్ళలో మెడికల్ షాపు మాత్రల సంగతి అడగకుండా ఈ మందు రాయకూడదు.

ఆమెకి చెప్పిన మాటలు ఇవి: "ఇది నిద్రమాత్ర కాదమ్మా, అలవాటు పడే మందు కాదు. మొదటి వారం కొంచెం వికారం, తలనొప్పి, గాభరా ఉండొచ్చు, తగ్గిపోతాయి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగైందని మీ అంతట మీరు ఆపొద్దు." ఈ నాలుగు ముక్కలు చెప్పకపోతే వికారం వచ్చిన మూడో రోజే మాత్ర పెంటలోకి వెళ్తుంది.

మూడో రోజు ఏఎన్ఎం ఫోను చేసింది: తొమ్మిదో ప్రశ్న ఒక్కటే అడిగింది, డబ్బాల సంగతి కనుక్కుంది. వారానికి మనిషిని చూశారు. నాలుగో వారం ఫారం మళ్ళీ నింపితే 11, తొమ్మిదో ప్రశ్నకి 0. ఐదు మార్కులు తగ్గితే మందు పనిచేస్తున్నట్టు. కానీ సగానికి, అంటే 8కి, ఇంకా రాలేదు. మాత్ర మానకుండా వేసుకుంటోందని ఖాయం చేసుకుని 100 మిల్లీగ్రాములకి పెంచారు. ఎనిమిదో వారం 7. పన్నెండో వారం 4. ఐదు కంటే తగ్గితే జబ్బు సద్దుమణిగినట్టు లెక్క. అక్కడి నుంచి అదే మోతాదు కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు సాగాలి, తర్వాత మెల్లగా తగ్గించాలి. స్కోరు 4 అయింది కదా అని పన్నెండో వారమే ఆపేస్తే మళ్ళీ తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

నాలుగో వారానికి ఐదు మార్కులు కూడా తగ్గకపోతే వరసగా చూడాల్సినవి ఉన్నాయి. మాత్ర నిజంగా వేసుకుంటున్నారా? మోతాదు సరిపోయిందా? తాగుడు గానీ థైరాయిడ్ గానీ మిగిలిపోయిందా? ఇంట్లో దెబ్బలు తింటున్నారా? ఈ చివరిదాన్ని ఆడవాళ్ళని విడిగా ఉన్నప్పుడే అడగాలి. ఇవన్నీ చూసి, పూర్తి మోతాదులో ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచినా సగానికి రాకపోతే స్పెషలిస్టుకి పంపండి. అరవై దాటినవాళ్ళకి ఈ మాత్రలు మొదలుపెట్టాక మత్తుగా, తికమకగా ఉంటే రక్తంలో సోడియం చూడండి. ఇరవై ఐదేళ్ళ లోపువాళ్ళలో మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరగొచ్చు కాబట్టి వాళ్ళని మొదటి నెల వారం వారం చూడాలి.

రిఫరల్ చీటీలో ఏం రాయాలి

"డిప్రెషన్, పీహెచ్‌క్యూ 16" అని రాసి పంపితే అక్కడి డాక్టరు మళ్ళీ మొదటి నుంచి అడగాలి. తొమ్మిది అంకెలూ వరసగా రాయండి: 2, 3, 3, 3, 1, 2, 1, 0, 1. పక్కనే పని ఎంత దెబ్బతిందో, ఎవరి ఎదురుగా అడిగారో, తొమ్మిదో ప్రశ్న గురించి ఏం మాట్లాడారో, ఇంట్లో పురుగుమందు ఎక్కడ పెట్టించారో రాయండి. వాడుతున్న మందులన్నీ, మెడికల్ షాపువి కూడా, మోతాదులతో రాయండి. ఇంతకుముందు స్కోర్లు ఉంటే తేదీలతో వేయండి. చీటీ ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకుని, వారం తర్వాత ఏఎన్ఎం గానీ ఆశా గానీ ఆ ఇంటికి వెళ్ళి నిజంగా జీజీహెచ్‌కి వెళ్ళారా లేదా కనుక్కునేలా ఆ తేదీని రిజిస్టర్‌లో రాసిపెట్టండి.